ఒక కాగితం, ఏడు ముక్కలు

చిరిగిన న్యూస్‌పేపర్ ముక్క ఒకటి తీసుకోండి. అంచులు ఎంత వంకరటింకరగా ఉంటే అంత మంచిది. దాన్ని మీకు తోచిన చోట మడిచి, మడత మీద గోటితో గట్టిగా రాయండి. స్కేలు లేకుండానే ఒక సరళరేఖ వచ్చింది. ఇప్పుడు ఆ మడత అంచు తన మీద తానే సరిగ్గా పడేలా ఇంకోసారి మడవండి. రెండు మడతలూ కలిసిన మూలలో ఉన్నది లంబకోణం. సుమారుగా కాదు, కచ్చితంగా 90 డిగ్రీలు.

ఎలా చెప్పగలం? మొదటి మడత సరళరేఖ కాబట్టి దానిమీద ఏ బిందువు దగ్గరైనా ఒకవైపు 180 డిగ్రీలు ఉంటాయి. రెండో మడత ఆ 180ని రెండు భాగాలు చేసింది. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి కాబట్టి అవి సమానం. కాబట్టి ఒక్కొక్కటి 90. ఆరో తరగతి పిల్లకి ఇంతకన్నా పెద్ద నిరూపణ అక్కర్లేదు, ఇంతకన్నా తక్కువదీ చాలదు. కోణమానిని పెట్టి కొలిస్తే ఒకరికి 89 వస్తుంది, ఇంకొకరికి 91 వస్తుంది, మాస్టారు "సరే, 90 అనుకోండి" అంటారు. కాగితం మడతలో ఆ "అనుకోవడం" లేదు. ఎందుకు 90 అన్న ప్రశ్నకి జవాబు చేతిలోనే ఉంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల జ్యామితికి ఆటలు చాలానే సూచిస్తుంటారు. బడి ఆవరణలో ఆకారాల వేట, టాన్‌గ్రామ్ ముక్కలు, కాగితం మడతలు. వీటిని మూడు వేర్వేరు ఆటలుగా, మూడు వేర్వేరు పీరియడ్లలో ఆడించి వదిలేయడం మామూలు. నాకు మాత్రం ఇవి మూడూ ఒకే ఆట అనిపిస్తుంది. మడతతో మొదలుపెడితే మిగతా రెండూ దానిలోంచే పుడతాయి.

పైన చేసిన మూలనే తీసుకుందాం. అది ఇప్పుడు ఒక పనిముట్టు. తాపీ మేస్త్రి దగ్గర ఉండే మూలమట్టం చేసే పనే ఇదీ చేస్తుంది. దాన్ని పిల్లల చేతికిచ్చి బయటికి పంపితే వేట మొదలవుతుంది. "చతురస్రాలు వెతకండి" అని పంపితే మాత్రం వేట పేలవంగా సాగుతుంది. పిల్లలు గచ్చు మీది టైలు చూసి చతురస్రం అంటారు, తలుపు చూసి దీర్ఘచతురస్రం అంటారు, పది నిమిషాల్లో పట్టిక నింపేస్తారు. అందులో కొత్తగా తెలిసిందేమీ లేదు, తెలిసిన పేర్లు తెలిసిన వస్తువులకు అంటించారంతే. అదే, "మూల లంబకోణమో కాదో ఈ కాగితం పెట్టి చూడండి, కానివి వెతికి పట్టుకురండి" అంటే పని మారిపోతుంది. పాతబడి వాలిన కిటికీ చట్రం, గోడ గోడా కలిసే మూల, నాలుగు కాళ్లూ వదులై పక్కకి ఒరిగిన బెంచీ ఇవన్నీ బయటపడతాయి. కంటికి దీర్ఘచతురస్రంలా కనిపించిన బెంచీ పక్కభాగం కాగితం పెట్టగానే సమాంతర చతుర్భుజం అని తేలుతుంది. ఎదురెదురు భుజాలు సమానమే, సమాంతరమే, కోణాలు మాత్రం లంబకోణాలు కావు. నాలుగు కర్రలతో బిగించిన చట్రం అలా ఒరుగుతుంది, మూడు కర్రలతో బిగించినది ఒరగదు. గేటు తలుపుకి మూల నుంచి మూలకి అడ్డపట్టీ ఎందుకు కొడతారో పిల్లలు అక్కడే అడుగుతారు. ఆ పట్టీ చతుర్భుజాన్ని రెండు త్రిభుజాలు చేస్తుంది.

వేటలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. మొదటిది షాపుల ముందు, బడి వరండాల దగ్గర ఉండే ముడుచుకునే ఇనుప గేటు. దాని పట్టీలు దాటుకునే చోట్ల సమచతుర్భుజాలు ఏర్పడతాయి. గేటు లాగుతున్న కొద్దీ వాటి భుజాల పొడవు మారదు, కోణాలు మాత్రం మారుతూ పోతాయి. మధ్యలో ఒకానొక క్షణంలో అవే చతురస్రాలవుతాయి. చతురస్రం కూడా సమచతుర్భుజమేనా అన్న ప్రశ్న పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా ఉన్నప్పుడు పిల్లలు ఒప్పుకోరు. గేటు కదులుతుంటే కాదనలేరు. రెండోది ఎండపూట కిటికీ లోంచి నేల మీద పడే వెలుగు. కిటికీ దీర్ఘచతురస్రం, నేలమీది వెలుగు సాధారణంగా సమాంతర చతుర్భుజం. ఎండ కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి సమాంతర భుజాలు సమాంతరంగానే పడతాయి, కోణాలకి మాత్రం ఆ హామీ లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సుద్దముక్కతో దాని చుట్టూ గీస్తే తేడా తెలుస్తుంది.

వేటలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి ఒక మూల మీద నిలబెడితే చాలామంది పిల్లలు దాన్ని చతురస్రం అనరు, డైమండ్ అంటారు. నెదర్లాండ్స్‌లో హైస్కూలు లెక్కలు చెప్పిన పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే దంపతులు 1957లో తమ పరిశోధనల్లో దీన్నే ఒక మెట్టుగా వివరించారు. మొదటి మెట్టులో పిల్లలు ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, దాని లక్షణాలతో కాదు. రెండో మెట్టులో భుజాలు, కోణాలు లెక్కలోకి వస్తాయి. ఒక ఆకారం ఇంకో ఆకారంలో ఎలా ఇమిడి ఉంటుందో మూడో మెట్టులోగానీ తట్టదు. వయసు పెరిగినంత మాత్రాన మెట్టు ఎక్కరనీ, తగిన అనుభవం కావాలనీ వాళ్లు చెప్పారు. పియరీ వాన్ హీలే తర్వాతి కాలంలో, 1999లో రాసిన ఒక వ్యాసంలో ఆ అనుభవానికి ఉదాహరణగా తీసుకున్నది కూడా ఏడు ముక్కల పజిల్‌నే. అది టాన్‌గ్రామ్ కాదు, దానికి దగ్గరి చుట్టం.

ఇక టాన్‌గ్రామ్‌కి వద్దాం. ప్లాస్టిక్ సెట్లు కొనుక్కోవచ్చు. కానీ ముక్కలు మడిచి కోయడంలోనే సగం పాఠం ఉంది కాబట్టి కొనకపోవడమే మేలు. 20 సెంటీమీటర్ల చతురస్రం తీసుకోండి. పాత క్యాలెండర్ కాగితం సరిగ్గా సరిపోతుంది. నోట్‌బుక్ కాగితం పలచగా ఉండి ముక్కలు ముడుచుకుపోతాయి, చార్టు మందంగా ఉండి మడత పక్కకి జరుగుతుంది.

చతురస్రాన్ని మూల నుంచి మూలకి మడిచి కత్తిరించండి. రెండు పెద్ద త్రిభుజాలొస్తాయి. మడిచినప్పుడే ఒక అంచున తెల్లటి సన్నని పట్టీ బయటికి కనిపిస్తే మీది చతురస్రం కాదన్నమాట. అక్కడే ఆగి సరిచేసుకోవాలి, ఆ తేడా చివరి ముక్క దాకా వెంటాడుతుంది. ఆ రెండు త్రిభుజాల్లో ఒకదాన్ని పొడవైన భుజం సగమయ్యేలా మడిచి కోయండి. అవి మన రెండు పెద్ద ముక్కలు.

రెండో త్రిభుజాన్ని పొడవైన భుజం కిందికి వచ్చేలా పెట్టుకోండి. ఆ భుజం మధ్యబిందువు దగ్గర చిన్న గిల్లు గుర్తు పెట్టి, పైనున్న లంబకోణపు మూలని ఆ గుర్తు మీదికి మడిచి, మడత వెంట కోయండి. పైన ఊడి వచ్చినది మధ్యరకం త్రిభుజం. కింద మిగిలింది సమలంబ చతుర్భుజం. దాన్ని నిలువుగా సగానికి కోస్తే రెండు సమాన ముక్కలొస్తాయి. ఒక్కొక్కదానికి కింద పొడుగు అంచు, పైన పొట్టి అంచు, ఒక పక్క నిలువు, ఇంకో పక్క ఏటవాలు ఉంటాయి. మొదటి ముక్కలో కిందనున్న పదునైన మూలని కింది అంచు వెంటే జరిపి, అవతలి చివరనున్న లంబకోణపు మూల మీదికి మడవండి. ఒక చిన్న త్రిభుజం, ఒక చతురస్రం విడిపోతాయి. రెండో ముక్కలో కింది లంబకోణపు మూలని తీసుకుని దానికి ఎదురుగా పైనున్న వెడల్పాటి మూల మీదికి మడవండి. ఈసారి ఒక చిన్న త్రిభుజం, ఒక సమాంతర చతుర్భుజం వస్తాయి. పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ చివరి మడత దగ్గరే, వేరే మూల పట్టుకుంటారు. ఆకరికి చేతిలో రెండు త్రిభుజాలు మిగిలితే తప్పు మడత అని తెలిసిపోతుంది.

మొత్తం ఏడు ముక్కలు. పెద్ద త్రిభుజాలు రెండు, మధ్యరకం ఒకటి, చిన్నవి రెండు, చతురస్రం ఒకటి, సమాంతర చతుర్భుజం ఒకటి. సరిచూసుకోవడం తేలిక. రెండు చిన్న త్రిభుజాలు ఒకదానిమీద ఒకటి సరిపోవాలి. అవి రెండూ కలిసి చతురస్రాన్నీ కప్పాలి, మధ్యరకం త్రిభుజాన్నీ కప్పాలి, సమాంతర చతుర్భుజాన్నీ కప్పాలి.

ఈ కప్పడంలోనే వైశాల్యాల పాఠమంతా ఉంది. మొత్తం కాగితం 400 చదరపు సెంటీమీటర్లు. పెద్ద త్రిభుజం నాలుగో వంతు, అంటే 100. ఒక పెద్ద త్రిభుజాన్ని కప్పడానికి నాలుగు చిన్నవి పడతాయి, అంటే చిన్నది 25. మధ్యరకం త్రిభుజం, చతురస్రం, సమాంతర చతుర్భుజం ఒక్కొక్కటీ రెండు చిన్నవాటికి సమానం, అంటే 50. కూడి చూసుకోండి, 400 వస్తుంది. సమాంతర చతుర్భుజం వైశాల్యానికి సూత్రం ఇంకా నేర్పకముందే పిల్లలు దాని వైశాల్యం చెప్పేశారు.

ఇప్పుడు భుజాలు చూద్దాం. చిన్న త్రిభుజం కర్ణం సరిగ్గా 10 సెంటీమీటర్లు, అంటే కాగితం భుజంలో సగం. చిన్న చతురస్రం భుజం మాత్రం స్కేలుతో కొలిస్తే 7.1 దగ్గర పడుతుంది. 7.1ని 7.1తో గుణిస్తే 50.41. "మరి 50 అన్నాం కదా సార్?" అని ఎవరో ఒకరు అడగాలి. ఎవరూ అడగకపోతే మాస్టారే అడగాలి. 7ని 7తో గుణిస్తే 49, చాలదు. 7.1 ఎక్కువవుతుంది. 7.07 అయితే 49.98, ఇంకాస్త చాలదు. తనని తాను గుణించుకుంటే 50 వచ్చే సంఖ్య ఎప్పటికీ దశాంశాల్లో ముగియదు. కానీ ఆ పొడవు మాత్రం పిల్ల చేతిలో కాగితం అంచుగా ఉంది. ఎనిమిదో తరగతిలో వర్గమూలాలు వచ్చినప్పుడు ఈ ముక్క మళ్లీ బయటికి తియ్యొచ్చు. మిగతా లెక్కలకి 7.07 చాలు. అలా మొత్తం ఏడు ముక్కల్లోనూ ఉన్నవి నాలుగే పొడవులు. 7.07, 10, 14.14, 20.

చుట్టుకొలతల దగ్గర ఒక మంచి విషయం దాగి ఉంది. 50 వైశాల్యమున్న మూడు ముక్కలు పక్కపక్కన పెట్టండి. చతురస్రం చుట్టుకొలత 28.28. మధ్యరకం త్రిభుజానిది 10, 10, 14.14 కలిపి 34.14. వైశాల్యం ఒకటే అయినా చుట్టుకొలత ఒకటి కానక్కర్లేదని తేలింది, ఇంతవరకు పాఠ్యపుస్తకం కూడా చెబుతుంది. ఇప్పుడు సమాంతర చతుర్భుజం చూడండి. రెండు 7.07లు, రెండు 10లు. మొత్తం 34.14. త్రిభుజానిదీ అంతే! వైశాల్యం సమానం, చుట్టుకొలత సమానం, అయినా అవి సర్వసమానాలు కావు. భుజాల సంఖ్య కూడా ఒకటి కాదు. రెండు కొలతలూ కుదిరితే ఆకారం కూడా అదే అయి ఉంటుందన్న నమ్మకం పెద్దవాళ్లలోనూ ఉంటుంది. పొలాల విషయంలో మరీను.

సమాంతర చతుర్భుజానిది ఇంకో ప్రత్యేకత. మిగతా ఆరింటినీ ఏదో ఒక గీత వెంట మడిస్తే రెండు సగాలూ సరిపోతాయి. దీన్ని ఎలా మడిచినా సరిపోవు. కర్ణం వెంట మడిచి చూడమంటే పిల్లలు ఆశ్చర్యపోతారు, రెండు సగాలూ సర్వసమానమైన త్రిభుజాలే, అయినా ఒకదానిమీద ఒకటి పడవు. సగం చుట్టు తిప్పితే మాత్రం తన స్థానంలో తాను కూర్చుంటుంది. రేఖా సౌష్ఠవం లేదు, భ్రమణ సౌష్ఠవం ఉంది. అందుకే టాన్‌గ్రామ్ బొమ్మ ఒకటి ఎంతకీ కుదరనప్పుడు నేను ముందు ఈ ముక్క వంకే చూస్తాను. చాలాసార్లు దాన్ని బోర్లా తిప్పి పెట్టాల్సి ఉంటుంది. ఒకవైపే రంగున్న కాగితంతో చేసిన సెట్లో పిల్లలకు బోర్లించాలన్న ఆలోచనే రాదు, కాబట్టి రెండువైపులా ఒకేలా ఉన్న కాగితమైతే నయం.

మామూలుగా ఇక్కడి నుంచి పిల్లి బొమ్మ, కుందేలు బొమ్మ, పడవ బొమ్మ పేర్చమంటారు. పేర్చనివ్వండి, తప్పు లేదు. ఎటొచ్చీ బొమ్మ కుదిరితే చప్పట్లు, కుదరకపోతే జవాబు పేజీ. అందులో "ఎందుకు" అన్న ప్రశ్నకి చోటు తక్కువ. నా లెక్కన టాన్‌గ్రామ్‌లో అసలు సరుకు కుదరని బొమ్మల్లో ఉంది.

ఒక సవాలు చూడండి. కొన్ని ముక్కలతో చతురస్రం పేర్చాలి. ఒక్క ముక్కతో ఎలాగూ ఉంది. రెండింటితో, రెండు చిన్న త్రిభుజాలు కలిపితే చాలు. మూడింటితో, మధ్యరకం త్రిభుజం ఒక సగం, రెండు చిన్నవి ఇంకో సగం. నాలుగింటితో, ఒక పెద్ద త్రిభుజం సగం, చతురస్రమూ రెండు చిన్న త్రిభుజాలూ మిగతా సగం. అయిదింటితో, పెద్ద త్రిభుజాలు రెండూ పక్కన పెట్టేసి మిగిలిన అయిదూ. ఇది కాస్త కష్టం, కానీ వస్తుంది. ఏడింటితో మొదటి కాగితమే. మరి ఆరింటితో?

పిల్లలు ఎంతసేపైనా ప్రయత్నిస్తారు. రాదు. రాలేదంటే చేతకాలేదనా, అసలు రాదనా? ఇది రెండోది, పైగా ఏడో తరగతి లెక్కలతోనే తేల్చెయ్యొచ్చు. ఆరు ముక్కలంటే ఒకటి పక్కన పెట్టామని. చిన్న త్రిభుజం పక్కన పెడితే మిగిలిన వైశాల్యం 375. యాభై ముక్కల్లో ఏదో ఒకటి తీసేస్తే 350. పెద్ద త్రిభుజం తీసేస్తే 300. మనం కట్టబోయే చతురస్రం వైశాల్యం ఈ మూడింట్లో ఒకటి కావాలి.

ఇప్పుడు దాని భుజం వైపు నుంచి ఆలోచిద్దాం. ఆ భుజం ముక్కల అంచులు చివర చివర చేరి ఏర్పడాలి. మన దగ్గరున్న అంచులు 7.07, 10, 14.14, 20 మాత్రమే. మొత్తం వైశాల్యం 400 కన్నా తక్కువ కాబట్టి భుజం 20 కన్నా తక్కువ ఉండాలి. అలాంటి పొడవులు ఎన్ని వస్తాయి? 7.07 ఒక్కటి. 10 ఒక్కటి. 14.14, అది ఒకే అంచైనా, రెండు 7.07లైనా. 7.07కి 10 కలిపితే 17.07. ఇంకేం కలిపినా 20 లేదా ఆపైనే. ఈ నాలుగు భుజాలకీ చతురస్రం వైశాల్యాలు వరుసగా 50, 100, 200, ఇంకా సుమారు 291. మనకి కావలసినవి 300, 350, 375. ఒక్కటీ కలవలేదు. కాబట్టి ఆరు ముక్కల చతురస్రం లేదు. ఎవరూ ఎప్పటికీ పేర్చలేరు.

291కీ 300కీ దూరం తక్కువే. ముక్కలు సరిగా కోయని సెట్టుతో ఎవరో ఒకరు "వచ్చేసింది సార్" అంటూ లేస్తారు, సందులు కాస్త వేలితో మూసి పట్టుకుని. అక్కడ లెక్క కంటిని సరిదిద్దుతుంది.

అలాంటిదే ఇంకొకటి. ఏడు ముక్కలతో సమబాహు త్రిభుజం వస్తుందా? ముక్కల మూలలన్నీ 45, 90, లేదా 135 డిగ్రీలు. పేర్చిన బొమ్మ మూలలో ఎన్ని ముక్కలు చేరినా కోణం 45కి గుణిజమే అవుతుంది. 60 కాదు కాబట్టి రాదు. అసలు ఏ త్రిభుజం వస్తుంది? 45 గుణిజాలు మూడు కలిసి 180 కావాలంటే 45, 45, 90 తప్ప దారి లేదు. ఏడు ముక్కలతో వచ్చే త్రిభుజం ఒకటే రకం. ఇలాగే లెక్క కట్టుకుంటూ పోయి, లోపలికి నొక్కులు లేని ఆకారాలు ఏడు ముక్కలతో మొత్తం 13 మాత్రమే వస్తాయని ఇద్దరు చైనా గణితజ్ఞులు ఫు త్రాయింగ్ వాంగ్, చువాన్ చీ షియుంగ్ 1942లో నిరూపించారు. ఒక త్రిభుజం, ఆరు చతుర్భుజాలు, రెండు పంచభుజులు, నాలుగు షడ్భుజులు. ఆ 13నీ వెతకడం ఒక తరగతికి వారం రోజుల పని, ఎవరికెన్ని దొరికాయో గోడమీద గీసి పెట్టొచ్చు.

చైనా పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. టాన్‌గ్రామ్ నాలుగు వేల ఏళ్లనాటిదని పిల్లల పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది అమెరికా పజిళ్ల మనిషి శామ్ లాయిడ్ 1903లో అచ్చేసిన పుస్తకంలో సరదాకి అల్లిన కథ. ఈ ఆట పుట్టింది చైనాలోనే, కానీ దొరికిన తొలి పుస్తకం 1813 నాటిది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఓడల మీద అమెరికా, ఐరోపా చేరి అక్కడ పెద్ద మోజైపోయింది.

సమబాహు త్రిభుజం టాన్‌గ్రామ్‌తో రాదన్నాం. మడతతో వస్తుంది. ఇంకో 20 సెంటీమీటర్ల చతురస్రం తీసుకుని నిలువుగా సగానికి మడిచి విప్పండి. నడుమ ఒక గీత పడింది. కింది ఎడమ మూల కదలకుండా వేలితో నొక్కి పట్టి, కింది కుడి మూలని లేపి ఆ నడిమి గీత మీద ఎక్కడ పడుతుందో అక్కడ పడేలా మడవండి. ఆ చోట చుక్క పెట్టి విప్పండి. చుక్కని కింది రెండు మూలలతోనూ కలిపితే సమబాహు త్రిభుజం సిద్ధం. కారణం మళ్లీ మడతలోనే ఉంది. ఎడమ మూల నుంచి చుక్కకి దూరం కింది అంచు పొడవే, ఎందుకంటే ఆ అంచే లేచి అక్కడికి వెళ్లింది. చుక్క నడిమి గీత మీద ఉంది కాబట్టి రెండు మూలలకీ సమాన దూరం. మూడు భుజాలూ 20.

ఇలాంటి మడతలతోనే ఒక పుస్తకం రాసినాయన మన పక్కవాడే. టి. సుందరరావు 1893లో మద్రాసులో 'జియోమెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్' అన్న ఇంగ్లీషు పుస్తకం అచ్చేయించారు. ఆ రోజుల్లో పేరును రో అని రాసేవారు కాబట్టి ప్రపంచం ఆయన్ని సుందర రో గానే ఎరుగును. శిశు తరగతుల కోసం వాడే కాగితం మడతల సామగ్రి చూసి ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. పుస్తకంలో చతురస్రం తర్వాత ఆయన ఎత్తుకున్నది సమబాహు త్రిభుజాన్నే. జర్మనీ గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ తన రచనలో ఈ పుస్తకాన్ని ప్రస్తావించడంతో అది పైదేశాల కంట పడింది, 1901లో షికాగోలో మళ్లీ అచ్చయింది.

త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 అని చూపడానికి మూలలు చింపి పక్కపక్కన పెట్టడం చాలా బళ్లలో చేస్తారు. చింపకుండా మడిస్తే ఒకటికి రెండు పాఠాలు వస్తాయి. ఏదో ఒక త్రిభుజం కత్తిరించండి, అతి పెద్ద కోణం పైకి వచ్చేలా పెట్టండి. కింది భుజం తన మీద తానే పడేలా, మడత పై శీర్షం గుండా పోయేలా మడిచి విప్పితే ఎత్తు దొరుకుతుంది. ఆ ఎత్తు కింది భుజాన్ని తాకే చోటు గుర్తు పెట్టుకుని, పై మూలని ఆ గుర్తు మీదికి మడవండి. తర్వాత ఎడమ మూల, కుడి మూల కూడా అక్కడికే. మూడు కోణాలూ ఒకే బిందువు దగ్గర చేరి సరళరేఖ మీద సరిగ్గా సర్దుకుంటాయి. అంటే 180. ఇప్పుడు చేతిలో మిగిలిన ఆకారం చూడండి, రెండు పొరలున్న దీర్ఘచతురస్రం. దాని వెడల్పు త్రిభుజం భూమిలో సగం, ఎత్తు త్రిభుజం ఎత్తులో సగం. పొరలు రెండు కాబట్టి త్రిభుజం వైశాల్యం దానికి రెట్టింపు. భూమి, ఎత్తు గుణించి సగం చేయమన్న సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించింది. అధికకోణ త్రిభుజంలో పెద్ద కోణం కాక ఇంకో కోణం పైన పెడితే ఎత్తు కాగితం బయట పడి మడతే కుదరదు. పిల్లలు ఆ ఇబ్బందిలో పడితే పడనివ్వాలి, ఎత్తు త్రిభుజం బయట ఉండొచ్చన్నది పుస్తకంలోని బొమ్మ కన్నా అప్పుడే బాగా బోధపడుతుంది.

టాన్‌గ్రామ్‌కున్న లోటు కూడా చెప్పాలి. అందులోని అయిదు త్రిభుజాలూ ఒకే రూపం, పరిమాణాలే వేరు. వాటితోనే ఆడిన పిల్లలు త్రిభుజమంటే లంబకోణ సమద్విబాహు త్రిభుజమే అనుకునే ప్రమాదం ఉంది. పైథాగరస్ సిద్ధాంతం దగ్గర ఇది బయటపడుతుంది. రెండు సెట్లు కలిపితే ఒక చక్కటి ప్రదర్శన వస్తుంది. చిన్న త్రిభుజాన్ని నడుమ పెట్టి, దాని 7.07 భుజాల మీద చెరొక చతురస్రం ముక్క ఆనించండి. కర్ణం మీద, రెండో సెట్టులోని మధ్యరకం త్రిభుజం, రెండు చిన్న త్రిభుజాలు కలిపి 10 సెంటీమీటర్ల చతురస్రం పేర్చండి. 50కి 50 కలిపితే 100, ముక్కలు కూడా అదే చెబుతున్నాయి. కానీ ఇక్కడ రుజువైంది రెండు భుజాలూ సమానమైన త్రిభుజానికి మాత్రమే. 3, 4, 5 సెంటీమీటర్ల త్రిభుజం భుజాల మీద ఈ ముక్కలు కూర్చోవు, దానికి గళ్ల కాగితం తీసుకుని వేరే కోతలు కోయాల్సిందే.